విషయం: శనివారం పోరుమామిళ్ల చెరువు శాసనం మీద మీ ప్రసంగం, ఊట గురించి ఒక ప్రశ్న

ప్రొఫెసర్ గారికి నమస్కారం.

మేడమ్, నేనెవరో మీకు తెలియదు. మొన్న శనివారం ఆన్‌లైన్ సదస్సులో మీరు పోరుమామిళ్ల శాసనం గురించి మాట్లాడినప్పుడు విన్నవాళ్లలో నేనొకదాన్ని. రాయచోటి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. చరిత్ర నా సబ్జెక్టు కాదు. మీ ఆఖరి స్లైడులో ఈమెయిల్ ఇచ్చి, ప్రశ్నలుంటే రాయమన్నారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి పది నిమిషాలూ నేను వినలేదు. మా ఇంట్లో సిగ్నల్ సరిగా రాదు. ఫోన్ పట్టుకుని మేడ మీదికి వెళ్లి కలిసేసరికి మీరు అప్పటికే ఆ చెరువు కట్టించిన భాస్కరుడి దగ్గరికి వచ్చేశారు. నేను అడగబోయేది ఆ పది నిమిషాల్లో చెప్పేసి ఉంటే క్షమించండి.

మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు మీరు చదువుతుంటే బాగానే ఉందనిపించింది. ఆరు దోషాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి కూర్చున్నాను. 1369లో రాయి మీద చెక్కించిన మాటలు మా ఊరి చెరువును చూసి రాసినట్టున్నాయి. మా నాన్న ఆ చెరువుకు నీరుగంటి. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ముందు నీళ్లు పెట్టాలి, ఎవరి వంతు ఎప్పుడు అయిపోతుంది, అన్నీ ఆయన చేతుల మీదే నడిచేవి. పంట ఇంటికొచ్చాక రైతులు ఆయనకు గింజలు కొలిచేవాళ్లు. ఇప్పుడు ఆయనకు డెబ్భై ఆరేళ్లు. మోకాళ్ల నొప్పులతో కట్ట ఎక్కలేకపోతున్నారు.

ఆ రాత్రి అన్నం తింటూ మీ ఆరు దోషాలూ ఆయనకు ఒక్కొక్కటే చెప్పాను. చౌడు నేల అనగానే తలూపారు. చెరువు నడుమ తాబేలు వీపులాగా మిట్ట ఉండకూడదు అంటే, "వాళ్లెవరో చెరువులో దిగి చూసినోళ్లే" అన్నారు. నీళ్లు తక్కువై నేల ఎక్కువ కాకూడదు, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కాకూడదు అన్న రెండింటికీ నవ్వారు. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు కట్టకూడదు అన్నదానికైతే చాలాసేపు తిట్టారు, శాసనాన్ని కాదు లెండి. మా చెరువు కట్ట ఒక పంచాయతీలో ఉంది, ఆయకట్టులో సగం పక్క పంచాయతీది. తూము తలుపు తుప్పు పట్టి ఆరేళ్లయింది. ఎవరు బాగు చేయించాలో ఇంతవరకూ తేలలేదు.

ఆయన ఒప్పుకోనిది ఒక్కటే, మొదటి దోషం. కట్ట నుంచి నీరు ఊరడం.

"ఊట లేని కట్ట ఎక్కడుంది?" అన్నారు. ఆయన లెక్క ప్రకారం ఊట రెండు రకాలు. కట్ట వెనక అడుగున తేటగా, సన్నగా, ఏడాది పొడవునా ఒకే తీరున వచ్చే నీళ్లు మంచివి. మా ఊళ్లో కట్ట కింది బావులు బతికేదే ఆ నీళ్ల మీద. తూము మూసేశాక కూడా ఆ నాలుగైదు మళ్లలో ఆకుకూరలు పండుతాయి. ఊట ఆగిపోతే రైతులే దిగులుపడతారు. రెండోది బురదగా వచ్చే ఊట. నీళ్లు ఎర్రగా మారి, వేలితో ముట్టుకుంటే ఇసుక తగిలిందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు. ఆ రోజు ఇంటికి పోకూడదు, ఊరిని లేపాలి. నాన్న రోజూ పొద్దున్నే కట్ట వెనక వైపు నడిచేది ఊట ఉందా లేదా చూడ్డానికి కాదు, దాని రంగు చూడ్డానికి.

2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగిన రోజుల్లో మా చెరువు కూడా నిండి మిగులు నీళ్లు మరవ మీదుగా పారాయి. ఆ రాత్రి కుర్రవాళ్లు టార్చిలైట్లు పట్టుకుని కట్ట మీద తిరుగుతుంటే, నాన్న ఇంట్లో కూర్చునే "నీళ్లు తేటగా ఉన్నాయా, మడ్డిగా ఉన్నాయా?" అని పది నిమిషాలకోసారి ఫోన్ చేయించారు. నీళ్లు ఎంత వస్తున్నాయని ఒక్కసారీ అడగలేదు.

నా ప్రశ్న ఇదీ. శాసనంలోని సంస్కృత శ్లోకంలో ఈ తేడా ఉందా? ఎపిగ్రాఫియా ఇండికాలో సుక్తాంకర్ గారి ఇంగ్లీషు అనువాదం వెతికి చూశాను. అందులో కట్ట నుంచి నీరు ఊరడం అన్నంత వరకే ఉంది. మూలంలో వాడిన మాటకు మామూలు ఊట అనే అర్థమా, లేక కట్టను తొలిచి కారడం అనే అర్థమా? నాకు సంస్కృతం రాదు. రెండోదే అయితే మా నాన్నకూ ఆ శాసనం రాయించినవాళ్లకూ గొడవేమీ లేదు. మొదటిదే అయితే, రోజుకు వెయ్యిమంది కూలీలతో, వంద బండ్లతో, రెండేళ్లు కట్టించినవాళ్లు కట్ట కింది బావులను ఎందుకు లెక్కలోకి తీసుకోలేదో మీ నోట వినాలని ఉంది. ఈ ప్రశ్న చాట్‌లో పెట్టాను కానీ అప్పటికే టైమ్ అయిపోయింది.

ఇంకో చిన్న విషయం. దీన్ని తప్పు పట్టడంగా అనుకోవద్దు. మీ స్లైడులో మిగులు నీళ్లు పోయే చోటుకు "అలుగు" అని రాశారు. మా వైపు దాన్ని మరవ అంటాం. తెలంగాణ నుంచి మా స్కూలుకు వచ్చిన సార్ ఒకాయన మత్తడి అంటారు. పోరుమామిళ్ల కూడా మా పాత కడప జిల్లాదే కాబట్టి, ఈసారి మాట్లాడేటప్పుడు పక్కన మరవ అని కూడా వేస్తే మా నాన్నలాంటి వాళ్లు సంతోషిస్తారు.

వచ్చే నెల మా తొమ్మిదో తరగతి పిల్లలను చెరువు దగ్గరికి తీసుకెళ్లి, కట్ట పొడవు, వాలు కొలిపించాలని అనుకుంటున్నాను. ఆరు దోషాలున్న మీ స్లైడు ఒక్కటి, మీ పేరుతోనే, క్లాసులో చూపించుకోవడానికి అనుమతిస్తారా? ఎక్కడా పెట్టను, ఎవరికీ పంపను. మీకు ఇబ్బంది అయితే వద్దులెండి, నల్లబల్ల మీద నేనే రాసి చూపిస్తాను.

నాన్న ఊట గురించి చెప్పింది ఫోన్లో రికార్డు చేశాను, పన్నెండు నిమిషాలు వచ్చింది. మధ్యలో మా ఆవు అరుపులూ ఉన్నాయి. మీ పనికి ఉపయోగపడుతుందంటే పంపిస్తాను, వినాల్సిందేనని మాత్రం కాదు. ఆయన్ని అడిగే రాస్తున్నాను. "ఆ మేడమ్‌కు చెప్పు, మంచి చెరువుకు పదమూడో అంగం నీరుగంటి అని" అన్నారు. ఉన్నదున్నట్టు చేరవేస్తున్నాను, కోప్పడకండి.

జవాబుకు తొందరేమీ లేదు. మీకు పరీక్షల రోజులని తెలుసు, మాకూ అంతే. వీలున్నప్పుడు రెండు ముక్కలు రాసినా చాలు.

నమస్కారాలతో,
సుజాత
లెక్కల ఉపాధ్యాయిని, రాయచోటి