ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం ప్రవేశానికి ఉద్దేశ పత్రం

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోని మా ఊళ్ళో నీళ్ళ ప్లాంటుకు రెండు గొట్టాలు ఉన్నాయి. ముందువైపు గొట్టం దగ్గర తెల్లవారకముందే క్యాన్లు వరుస కడతాయి. ఇరవై లీటర్లకు ఐదు రూపాయలు. వెనకవైపు గొట్టం గోడలోంచి బయటికి వచ్చి ఒక గుంతలో పడుతుంది. ఆ గుంత రాళ్ళకు తెల్లటి పొర పట్టి ఉంటుంది. అక్కడ గేదెలు నీళ్ళు తాగుతాయి, ట్రాక్టర్లు కడుక్కుంటారు. డిగ్రీ రెండో ఏడాది దాకా ఆ వెనక గొట్టాన్ని నేను కూడా పట్టించుకోలేదు.

నల్గొండ ఫ్లోరైడ్ గురించి మీకు కొత్తగా చెప్పవలసింది లేదు. మా నాయనమ్మ నడుము గురించి కూడా ఇక్కడ రాయను. మా వైపు నుంచి వచ్చే దరఖాస్తుల్లో ఆ పేరా మీరు ఇప్పటికే చాలాసార్లు చదివి ఉంటారు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు వచ్చాక తాగునీటి బాధ చాలావరకు తగ్గింది. దానితోపాటే బోరు నీళ్ళలో ఏముందని అడిగేవాళ్ళూ తగ్గారు. తాగడం మానేశాం కాబట్టి సమస్య తీరిపోయిందని ఊరి లెక్క. ప్లాంటు మాత్రం ఆగలేదు, ఎందుకంటే ఆ నీటి రుచికి అలవాటు పడ్డాం.

బీఎస్సీ చివరి ఏడాది ప్రాజెక్టుగా ఆ రెండు గొట్టాల నీటినీ పరీక్షించాను. మొదటి విడత పది నమూనాలూ వృథా అయ్యాయి. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచేముందు నీటిలో కలపవలసిన బఫర్ కలపలేదు. అది లేకపోతే అల్యూమినియం, ఇనుము పట్టి ఉంచిన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌కు కనిపించదు. అంకెలు తక్కువగా వచ్చాయి, నేను సంతోషించాను కూడా. మళ్ళీ ప్లాస్టిక్ సీసాలు పట్టుకుని ఊరికి వెళ్ళి మొదటి నుంచి మొదలుపెట్టాను. రెండోసారి ప్లాంటుకు వచ్చే బోరు నీటిలో లీటరుకు 4.1 మిల్లీగ్రాములు, క్యాన్లలోకి వెళ్ళే నీటిలో 0.4, వెనక గొట్టంలో 7.6 ఉన్నట్లు తేలింది. తాగునీటిలో ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేనిచోట ఒకటిన్నర వరకు సరేనని మన దేశ ప్రమాణం. వచ్చిన నీటిలో సగం శుభ్రమై సగం వెనక్కి పోతుంది కాబట్టి వెనక గొట్టంలో 7.8 రావాలి. 7.6 రావడంతో కొలత మీద నమ్మకం కుదిరింది.

దొంగ దొరికాడనుకున్నాను. ఫ్లోరైడ్‌ను నీటి నుంచి తీసి, ఇంకాస్త చిక్కగా చేసి, బోరుకు పది గజాల దూరంలో మళ్ళీ నేలలోకే దింపుతున్నారు కదా! పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. ఆ పద్ధతిలోనూ అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది చిక్కే. శుద్ధి అనే మాటకు సగం అర్థమే చెబుతున్నామని ప్రాజెక్టు నివేదికలో కాస్త ఆవేశంగానే రాశాను.

ఆ తర్వాత పరిమాణాల లెక్క వేశాను. ప్లాంటు రోజుకు ఐదు వేల లీటర్ల నీటిని వెనక్కి వదులుతుంది. అందులో ఫ్లోరైడ్ 38 గ్రాములు, ఏడాదికి దాదాపు 14 కిలోలు. పక్కనే మా నాన్న బోరు కింద ఒక ఎకరం యాసంగి వరి ఉంది. పంట కాలానికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడతారనుకుంటే అది 48 లక్షల లీటర్ల పైమాటే. ఆ బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది. అంటే ఒక్క ఎకరంలో ఒక్క పంటకు పైకి తోడిన ఫ్లోరైడ్ సుమారు 19 కిలోలు. ఊరంతటి ప్లాంటు ఏడాది పొడవునా వదిలేదానికంటే మా ఒక్క మడే ఎక్కువ పైకి తెస్తోంది. నేను గుంత దగ్గర కాపలా కాస్తుంటే అసలు సంగతి మా గట్టు మీదే ఉంది.

నీళ్ళు ఆవిరవుతాయి, మొక్క పీల్చుకుంటుంది. ఫ్లోరైడ్ ఆవిరి కాదు. కొంత మట్టికి అంటుకుంటుంది, మిగిలింది ఇంకే నీటితోపాటు మళ్ళీ బోరు దారి పడుతుంది. ఇక్కడే రసాయనం పట్టు బిగిస్తుంది. నీరు చిక్కబడేకొద్దీ కాల్షియం సున్నపురాయి రూపంలో విడిపోతుంది. (గుంత రాళ్ళ మీది తెల్లటి పొర అదే అయి ఉండాలి, ఇంకా పరీక్షించలేదు.) నీటిలో కాల్షియం తగ్గితే ఫ్లోరైడ్‌ను పట్టి కిందికి దింపేది ఉండదు, ఇక అది పెరుగుతూ పోవచ్చు. గ్రానైట్‌లోని ఖనిజాలు ఫ్లోరైడ్‌ను ఇస్తున్నాయన్నది పాత మాట. ఆ రాయి ఇచ్చినదాన్ని బోరు సేద్యం ఎన్నిసార్లు తిప్పి ఎంత చిక్కబరుస్తోందన్నది నేను తేల్చుకోవాలనుకుంటున్న ప్రశ్న.

ఇది మా మండలంతో ఆగేది కాదు. దక్కన్ గట్టి రాతి నేలల్లో భూగర్భజలం పగుళ్ళలో, మెత్తబడిన పై పొరలో కొద్దికొద్దిగా నిలుస్తుంది. తోడినదే మళ్ళీ తోడతాం. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం పరివాహకంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ళ తరబడి చేసిన పని ఫ్లోరైడ్ పెరగడంలో వరి మడుల నుంచి తిరిగొచ్చే నీటికి వాటా ఉందని చూపింది. అక్కడ తెలిసినది ఇక్కడ ఎంతవరకు నిలుస్తుంది? చెరువు నిండిన ఏడాది నీరు పలచబడి, ఎండిన ఏడాది చిక్కబడుతుందా? భూగర్భజల సేద్యాన్ని మనం నీటి మట్టంతో కొలుస్తాం. దాన్ని నీటి నాణ్యతతో కూడా కొలవాలా అన్నది దేశంలో గట్టి రాతి నేల ఉన్న ప్రతి జిల్లాకూ వర్తించే ప్రశ్న.

తేల్చడానికి నాకు తోచిన మొదటి దారి క్లోరైడ్. ఆవిరి వల్లే చిక్కబడితే ఫ్లోరైడ్, క్లోరైడ్ కలిసి పెరగాలి. రాయి కరిగి వస్తుంటే ఫ్లోరైడ్ ఒక్కటే ముందుకు పోతుంది. ఇళ్ళ మురుగు నుంచి కూడా క్లోరైడ్ వస్తుంది కాబట్టి పక్కన నైట్రేట్ చూసి ఆ బోర్లను వేరు చేయాలి. ఇంతకుమించి నాకు చేతకాదు. ఆవిరైన నీటిని ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపులతో గుర్తించడం, PHREEQC వంటి ప్రోగ్రాముతో ఖనిజాల సమతౌల్యం లెక్కించడం పుస్తకంలో చదివానే తప్ప చేయలేదు. మీ కోర్సు నుంచి నాకు ముఖ్యంగా కావలసింది ఇదే. రెండో ఏడాది గణితంలో నా మార్కులు 52. ఆ లోటు నాకు తెలుసు, ఇప్పుడు అవకలన సమీకరణాలు మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటున్నాను.

గత జూన్ నుంచి పన్నెండు బోర్ల నుంచి నెలకొకసారి నీళ్ళు పడుతున్నాను. వాటిలో ఆరు వరి కింద ఉన్నాయి, నాలుగు బత్తాయి తోటల్లో, రెండు చెరువు కట్ట దిగువన. ఏడో నంబరు మా నాన్నది. లెక్క చూపించినప్పుడు ఆయన, “మరి వరి మానేస్తే ఎన్నేళ్ళకు తగ్గుతుంది?” అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. సీటు వస్తే ఈ వరుస తెగకుండా నెలకో ఆదివారం ఊరికి వెళ్ళి సీసాలు నింపుకొస్తాను. వాటిని ఉంచుకోవడానికి ప్రయోగశాలలో ఒక అర ఇప్పిస్తే చాలు.