విషయం: మీ లెక్కలు చూసే నరేష్ ఫిబ్రవరి 13న మానేస్తున్నాడు, 16 నుంచి శ్రీలక్ష్మి చూస్తుంది

విజయవాడ,
2026 జనవరి 19, సోమవారం

వెంకటేశ్వర్లు గారికి నమస్కారం.

పండగ బాగా జరిగిందనుకుంటాను. పండగ ముందే చెప్పాల్సిన మాట. కొత్త పంట యార్డుకి దిగే హడావుడిలో ఎందుకని ఆగాను.

ఏడేళ్లుగా మీ జీఎస్టీ, టీడీఎస్ పనులు చూస్తున్న నరేష్ మా ఆఫీసు వదిలి వెళ్తున్నాడు. వాళ్లావిడకి విశాఖపట్నం బదిలీ అయింది. పిల్లల చదువులు కూడా అక్కడికే మారుస్తున్నారు. మా దగ్గర తన చివరి రోజు ఫిబ్రవరి 13, శుక్రవారం. శివరాత్రి వెళ్లాక, 16 సోమవారం నుంచి మీ పని శ్రీలక్ష్మి చేతికి వస్తుంది.

శ్రీలక్ష్మిది తెనాలి. నాలుగేళ్లుగా మా దగ్గరే ఉంది, దుగ్గిరాల పసుపు పార్టీల లెక్కలన్నీ తనే చూస్తుంది. కమీషను, మార్కెట్ సెస్సు, రైతు బిల్లు, లారీ కిరాయి ఇవేవీ తనకి మొదటినుంచీ చెప్పక్కర్లేదు. మిర్చి మాత్రం కొత్త. తేజకీ 341కీ తేడా, తాలు ఎందుకు విడిగా అమ్ముతారు, ఇవి నరేష్ కాగితం మీద రాసి ఇచ్చాడు గానీ, టిక్కీలు కళ్లతో చూస్తేనే అర్థమవుతుందని నేనే అన్నాను. ఇంకో మాట ముందే చెప్పడం మంచిది. తనకి మొహమాటం తక్కువ. బిల్లులు 8వ తేదీకి రాకపోతే 9న ఫోను వస్తుంది, మళ్లీ 10న వస్తుంది. నరేష్‌లా "సరేలెండి, రేపు పంపండి" అనదు. మీకు మొదటి నెల కాస్త చిరాకనిపించొచ్చు. నాకు మాత్రం ఆ గుణమే నచ్చింది.

పని ఎలా చేతులు మారుతుందంటే, ఈ గురువారం 22 నుంచే శ్రీలక్ష్మి నరేష్ పక్కన కూర్చుని మీ ఫైలు చదువుతుంది. అక్టోబరు-డిసెంబరు టీడీఎస్ రిటర్ను గడువు జనవరి 31. అది నరేషే వేస్తాడు. ఫిబ్రవరి 7న కట్టాల్సిన టీడీఎస్ చలానా కూడా తనే. 11వ తేదీ జీఎస్టీఆర్-1 మాత్రం శ్రీలక్ష్మి తయారు చేస్తుంది, నరేష్ సరిచూస్తాడు. తప్పు జరిగినా చెప్పడానికి మనిషి పక్కనే ఉండగా ఒక రిటర్ను తన చేతి మీదుగా వెళ్లాలని అలా పెట్టాం. ఫిబ్రవరి 20న వేయాల్సిన 3బి తను సొంతంగా చేసే మొదటి పని. ఆ నెలా, మార్చి నెలా పన్ను కట్టే ముందు లెక్క నేను కూడా చూస్తాను.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఒకసారి దెబ్బ తిన్నాం. 2019లో ఒకతను మానేసినప్పుడు పార్టీలకి ఫోనులో చెప్పి ఊరుకున్నాం. ఒక పార్టీ 3బి ఎవరి టేబుల్ మీద ఉందో ఎవరికీ తెలియక రెండు వారాలు అలాగే పడి ఉంది. ఆలస్య రుసుము, వడ్డీ మేమే కట్టాం. డబ్బు పోతే పోయింది, ఆయన దగ్గర మాట పడ్డాం.

ఇప్పుడు మీ ఫైల్లో తేలని విషయాలు రెండున్నాయి. గోతాలు పంపే పార్టీ నవంబరు బిల్లులు రెండు ఇంకా ఎక్కించలేదు, మీ 2బి లో కనబడటం లేదు. అందుకే ఆ క్రెడిట్ తీసుకోకుండా ఆపాం. వాళ్లతో మీరొక మాట గట్టిగా చెప్పాలి. మా ఫోన్లకి వాళ్లు పలకరు. రెండోది, 2022-23కి వచ్చిన నోటీసు. పోర్టల్లో ASMT-10 అని ఉంటుంది. మీ అమ్మకాలకీ ఈ-వే బిల్లులకీ తేడా ఎందుకొచ్చిందని అడిగారు. వెనక్కి వచ్చిన మూడు లారీల వివరం పెట్టి జవాబు డిసెంబరులోనే వేశాం. అధికారి ఒప్పుకుంటే ASMT-12 వస్తుంది. అది వచ్చేదాకా ఆ లారీల కాగితాలు మీ గుమాస్తా దగ్గర భద్రంగా ఉంచమనండి. ఈ రెండూ నరేష్ ఆకుపచ్చ అట్ట పుస్తకంలో రాసి ఉన్నాయి. ఆ పుస్తకంలోనే మొదటి పేజీలో, "ఉదయం పదకొండు లోపు ఫోను చేయొద్దు, యార్డులో ఉంటారు. ఓటీపీకి అబ్బాయి గారికి చేయాలి" అని ఎర్ర సిరాతో ఉంది. ఆ పేజీ చూశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మీరు వాట్సాప్‌లో బిల్లులు పంపే నంబరు మారదు. ఆ ఫోను ఆఫీసుది, 13వ తేదీ సాయంత్రం శ్రీలక్ష్మికి ఇస్తాం. నరేష్ సొంత నంబరు కూడా మీ దగ్గర ఉంటుంది. పండగలకీ పబ్బాలకీ నిరభ్యంతరంగా మాట్లాడండి. కానీ 13 తర్వాత ఆఫీసు పనికి సంబంధించిన ఓటీపీ గానీ కాగితం గానీ దానికి పంపొద్దు. ఈ మాట రాయమని తనే అడిగాడు. ఆ రోజే పోర్టల్ పాస్‌వర్డులు మారుస్తాం, కొత్తవి అబ్బాయి గారికి నేనే ఫోను చేసి చెప్తాను. మనిషి మారాడు కదా, పన్ను డబ్బు ఫలానా ఖాతాకి వేయమని ఎవరైనా ఫోను చేస్తే నమ్మొద్దు. ఎప్పటిలాగే పోర్టల్ చలానాకే కట్టాలి. మా ఫీజులో మార్పేమీ లేదు.

ఫిబ్రవరి 3, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి నరేష్, శ్రీలక్ష్మి, నేను గుంటూరు వచ్చి మీ కొట్లో కలుస్తాం. ఆ వేళకి యార్డు పని తగ్గుతుందని నరేష్ చెప్పాడు. మా దగ్గరున్న మీ డిజిటల్ సంతకం టోకెను ఆ రోజు తీసుకొస్తాను. అది ఏప్రిల్‌తో అయిపోతుంది, కొత్తదానికి అబ్బాయి గారి ఫొటో, వీడియో అక్కడే తీసేస్తే మళ్లీ విజయవాడ రావక్కర్లేదు. ఇకమీద టోకెను మీ బీరువాలోనే ఉంటే మంచిదని నా అభిప్రాయం. ఇన్నాళ్లూ మా సొరుగులో ఉండటం మన ఇద్దరి సౌకర్యం కోసమే తప్ప పద్ధతి కాదు.

3న మీకు వీలు కాకపోతే 5, గురువారం అదే వేళకి వస్తాం. ఏదో ఒకటి ఈ వారంలో చెప్పండి. శ్రీలక్ష్మితో పని కుదరడం లేదని మీకు ఎప్పుడనిపించినా ఎవరి ద్వారానో కాదు, నేరుగా నాకే చెప్పండి. మీతో మొహమాటపడే వయసు నాకు దాటిపోయింది.

ఇట్లు,
సుబ్రహ్మణ్యం
ఆడిటర్

అబ్బాయి గారికి ఈ ఉత్తరం కాపీ పంపుతున్నాను. నరేష్‌కి వీడ్కోలుగా ఏమైనా ఇవ్వాలనుకుంటారేమో, ఎండుమిర్చి మాత్రం వద్దు. పోయినేడు మీరిచ్చిందే ఇంట్లో ఇంకా ఉందట.