ఫొటోలో నా పక్కన ఉన్నాయన

ఈ ఫొటో పోయిన ఆదివారం సాయంత్రం రాజమండ్రిలో, పుష్కర ఘాట్ మెట్ల మీద అక్క తీసింది. వేరుశనక్కాయల పొట్లం పట్టుకుని కెమెరా వైపు చూస్తున్నది నేను. నీలం చొక్కాలో గోదావరి వైపు చూస్తున్నది అతను. వరంగల్ మనిషి, సివిల్ ఇంజనీరు. 2015 నుంచి నా తోడు.

నేను గే. ఈ ఒక్క మాట చెప్పడానికే ఈ ఫొటో పెట్టాను. మిగతాదంతా వివరణ. ఆడిటర్ని కదా, వివరణలు లేకుండా ఏ లెక్కా సమర్పించలేను.

అమ్మకు, నాన్నకు, అక్కకు, బావకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కాబట్టి ఇది చదవగానే కంగారుగా రాజమండ్రి ఇంటికి ఫోన్ చేయవలసిన అవసరం లేదు. చేస్తే అమ్మ మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడుగుతుంది, అంతే.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, వచ్చే నెల 14న నాన్నకు భీమరథ శాంతి. మీరందరూ వస్తారు. అతనూ వస్తాడు. మన ఇళ్ళలో కొత్త మనిషి కనిపిస్తే మంచినీళ్ళకన్నా ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది: 'మీకు ఈయన ఏమవుతారు?' బావమరిదికి, తోడల్లుడికి, వియ్యంకుడికి, వేలువిడిచిన మేనమామకు కూడా విడివిడిగా పేర్లు పెట్టుకున్న జాతి మనది. ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. ఇన్నేళ్ళూ దానికి నేను చెప్పిన జవాబులే తప్పు. స్నేహితుడన్నాను, రూమ్మేటన్నాను, ఒకసారి తణుకు పెద్దమ్మతో 'మా ఆఫీసులో పనిచేస్తాడు' అని కూడా అన్నాను. పెద్దమ్మా, అతను మా ఆఫీసులో ఎన్నడూ పనిచేయలేదు. అతనికి డెబిట్‌కూ క్రెడిట్‌కూ తేడా తెలియదు.

వాటిలో ఒక అబద్ధం మాత్రం నన్ను చాలాకాలం వదలలేదు. 2022లో అతనికి డెంగీ వచ్చింది. ప్లేట్లెట్లు పడిపోతుంటే అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి ఫారం నింపుతూ తలెత్తకుండానే అడిగింది, పేషంటుకు మీరు ఏమవుతారని. 'అన్నయ్యని' అన్నాను. ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయేమని అడిగింది. 'పెద్దమ్మ కొడుకుని' అన్నాను. ఎనిమిది రోజులు మెడలో ఆ పాసు వేసుకుని తిరిగాను. తొమ్మిదో రోజు ఇంటికి వచ్చాక, లేచి కూర్చోవడానికి ఓపిక లేకపోయినా అతను 'ఏమన్నయ్యా, మజ్జిగ ఏమైనా ఇస్తావా' అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇతరుల లెక్కల్లో ఒక్క రూపాయి తేడా వస్తే సంతకం పెట్టని నేను, నా ఇంటి లెక్కను ఎనిమిది రోజులపాటు తప్పుగా చూపించాను. మళ్ళీ ఎవరైనా అడిగితే ఉన్నదే చెబుతానని ఆ రోజే అనుకున్నాను. చెబుతూ వస్తున్నాను. మా ఇంటి ఓనరుగారికి చెబితే ఆవిడ రెండు నిమిషాలు ఆలోచించి, 'అయితే నీళ్ళ బిల్లు ఇకనుంచి ఎవరి పేరున రాయమంటారు?' అని అడిగారు.

ఇక అమ్మానాన్నల సంగతి. తెలిసీ మా దగ్గర దాచారని వాళ్ళను ఎవరూ నిష్టూరమాడవద్దు. దాచమన్నది నేను. 2019 సంక్రాంతికి అమ్మకు చెప్పాను. విన్నది, 'సరే, పడుకో, పొద్దుపోయింది' అన్నది. ఆ తరవాత రెండేళ్ళు ఆ మాట ఎత్తలేదు. ఆ రెండేళ్ళూ నాకు కష్టంగానే గడిచాయి, కానీ ఈ విషయం నాతో నేను ఒప్పుకోవడానికే పన్నెండేళ్ళు పట్టింది. ఆవిడ రెండేళ్ళు తీసుకుంటే ఎక్కువెలా అవుతుంది? నాన్నకు ఆవిడే చెప్పింది. ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పిందో ఇప్పటికీ నాకు చెప్పలేదు. నాన్న ఆ మాటను నోటితో అనలేదు, బహుశా ఎప్పటికీ అనరు. కానీ 2021 వానాకాలంలో మేడ మీద స్లాబు కారుతోందని నేరుగా అతనికే ఫోన్ చేశారు. ఆ సంభాషణ గంటన్నర సాగింది. అప్పటినుంచి ప్రతి జూన్‌లోనూ సాగుతోంది. నాకు మాత్రం నాన్న ఎప్పుడు ఫోన్ చేసినా మూడు నిమిషాలే.

ఇప్పుడు ఒక క్షమాపణ. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు, మాలాంటివాళ్ళ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్ను మళ్ళీ నిలబెట్టింది. అంతకు నాలుగేళ్ళ ముందు ఢిల్లీ హైకోర్టు తెరిచిన తలుపు అది, ఒక్క రోజులో మూసుకుపోయింది. ఆఫీసు క్యాంటీన్‌లో టీవీ ముందు ప్లేటు పట్టుకుని నిలబడి ఆ వార్త విన్నాను. నా వయసు అప్పుడు 25. ఇక ఈ దేశంలో మనకు చోటు లేదనుకున్నాను. ఆ నిస్పృహలోనే, రెండు నెలల తరవాత కాకినాడ బాబాయి తెచ్చిన సంబంధానికి సరేనన్నాను. పెళ్ళిచూపులకు వెళ్ళాను. ఆ అమ్మాయి పట్టుచీర కట్టుకుని ఎదురుగా కూర్చుని, మీకు ఏ పుస్తకాలు ఇష్టమని అడిగింది. మంచి ప్రశ్న, మంచి అమ్మాయి. తిరిగి వచ్చి 'ఆలోచించి చెబుతాం' అనిపించాను. నెల రోజులు వాళ్ళను ఎదురుచూసేలా చేశాను. అమ్మాయిలో ఏ లోపం ఉందని వద్దన్నారోనని వాళ్ళింట్లో ఎంత బాధపడ్డారో. లోపమేమీ లేదు. నేను అక్కడికి వెళ్ళకుండా ఉండవలసింది. బాబాయీ, వాళ్ళు ఇంకా మీకు పరిచయంలో ఉంటే, ఈ మాట వాళ్ళకు చేరవేయండి.

ఇకనుంచి సంబంధాలు చూడవద్దు. పెద్దమ్మ దగ్గర ఉన్న నా జాతకం కాపీలు రెండూ ఆవిడే ఉంచుకోవచ్చు. దానిలో వివాహ యోగం ఆలస్యమని రాసి ఉందట. ఆ సిద్ధాంతిగారు మరీ తప్పు చెప్పలేదు.

కొన్ని ప్రశ్నలు వస్తాయని తెలుసు, వాటికి ఇక్కడే జవాబు ఇస్తాను. డాక్టర్‌కు చూపించుకున్నావా అని అడగవద్దు. ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తేల్చింది. దీన్ని 'మారుస్తామని' చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని మన దేశంలో డాక్టర్లను నియంత్రించే జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. పెంపకంలో లోపమా అంటే, ఆ పెంపకంలోనే పెరిగిన అక్క బావను ప్రేమించి పెళ్ళి చేసుకుంది. నేరమా అంటే, 2018 సెప్టెంబర్ 6 నుంచి కాదు. అయిదుగురు న్యాయమూర్తులు ఆ 1860 నాటి సెక్షన్ను ఇష్టపూర్వకంగా కలిసి ఉండే పెద్దవాళ్ళకు వర్తించకుండా చేశారు. అక్కకు నేను చెప్పింది ఆ సాయంత్రమే. 'నాకు తెలుసులే, ఇంతకీ భోజనం చేశావా?' అన్నది.

శుభలేఖ ఎప్పుడని అడిగేవాళ్ళూ ఉంటారు. అలా అడిగితే సంతోషమే. కానీ 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు మాలాంటివాళ్ళ పెళ్ళిని గుర్తించలేమని, అది పార్లమెంటు చూడవలసిన పని అని తీర్పు చెప్పింది. కాబట్టి శుభలేఖ లేదు. మాలాంటి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. ఆ నెలలోనే వెళ్ళి ఖాతా తెరిచాం. అక్షింతలకు బదులు పాసుబుక్కు అన్నమాట. నా వృత్తికి అది సరిపోయింది.

మాటల గురించి ఒక్క మాట. పత్రికల్లో మాలాంటివాళ్ళ గురించి రాసేటప్పుడు 'సంపర్కం' అనే పదం వాడతారు. నాకు నచ్చదు. పదకొండేళ్ళలో మేము ఎక్కువగా పోట్లాడుకున్నది వంకాయ కూరలో అల్లం వేయాలా వద్దా అన్నదాని మీద. ఆ పదంలో ఈ వంకాయ కూరకు చోటు లేదు. నన్ను గే అనండి, చాలు. అతన్ని పేరు పెట్టి పిలవండి. పేరు ఇక్కడ రాయకపోవడం అతని కోరికే. ఫొటోలో మొహం నదివైపు ఉండడం కూడా అందుకే. ఈ పోస్టు పెట్టే ముందు చదివి రెండు వాక్యాలు తీసేయించాడు, ఒకటి కలిపించాడు. ఏది కలిపించాడో చెప్పను. వాళ్ళింటి విషయాలు ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది అతని ఇష్టం. దయచేసి ఈ ఫొటో ఎవరికీ పంపవద్దు.

హాస్టల్ స్నేహితులకు. ఆ రోజుల్లో మనం వేసుకున్న జోకులన్నీ నాకు గుర్తున్నాయి. అందరికన్నా గట్టిగా నవ్వినవాణ్ణి నేనే. మీ మీద కోపం లేదు. ఇప్పుడు మీ పిల్లలు ఆ వయసుకు వస్తున్నారు, వాళ్ళ ముందు మాత్రం ఆ జోకులు వేయకండి. ఆ నవ్వేవాళ్ళలో నాలాంటివాడు ఒకడు ఉండవచ్చు.

ఎవరికైనా జీర్ణించుకోవడానికి సమయం కావాలంటే తీసుకోండి. అడగాలనుకున్నది నన్నే అడగండి, అమ్మను కాదు. ఫంక్షన్‌లో నాన్నను పక్కకు తీసుకువెళ్ళి ఓదార్చే పని ఎవరూ పెట్టుకోవద్దు. ఆయన బాధలో లేరు, డెబ్బై ఏళ్ళ పండగలో ఉన్నారు. నాతో మాట్లాడడం మానేయాలనుకునేవాళ్ళు ఉంటే అది వాళ్ళ నిర్ణయం. అయినా జూలై 31 లోపు వాళ్ళ రిటర్నులు దాఖలు చేసేది నేనే. ఫారం 16 మాత్రం సమయానికి పంపండి.

14వ తేదీన ముహూర్తం ఉదయం 9 గంటల 40 నిమిషాలకు. ముందు రోజే వచ్చేవాళ్ళు అక్కకు చెబితే గదులు చూస్తుంది. మేమిద్దరం 12నే చేరుకుంటాం. పందిరి వేసేలోపు స్లాబు మరొకసారి చూడాలని నాన్న అతనితో చెప్పారట.