పర్లాకిమిడి జూనియర్ నుంచి: జామ్ ఫిజిక్స్ గురించి మూడు ప్రశ్నలు

మాధవి అక్కా, నమస్తే.

నా పేరు సంతోష్. మన కాలేజీలోనే బీఎస్సీ ఫిజిక్స్ ఆనర్స్, అయిదో సెమిస్టర్. ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం మీరు రాసిన జామ్ పరీక్షకే నేనూ చదువుతున్నాను. మాది కాశీనగర్, రోజూ బస్సులో పర్లాకిమిడి వచ్చి వెళ్తుంటాను. మీ మెయిల్ ఐడీ హెచ్‌ఓడీ సార్ ఇచ్చారు, మిమ్మల్ని అడిగాకే ఇస్తున్నానని చెప్పి మరీ ఇచ్చారు. కాలేజీలో అందరూ మిమ్మల్ని ‘అపా’ అనే అంటారు. తెలుగులో రాస్తున్నాను కాబట్టి అక్కా అంటున్నాను. నేను పదో తరగతి దాకా ఒడియా మీడియం. తెలుగు రాయడం మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

జూలైలో వాట్సాప్‌లో “హాయ్ అక్కా, జామ్ గైడెన్స్ ప్లీజ్” అని పంపింది నేనే. మీరు “ఆల్ ది బెస్ట్, బాగా చదువు” అన్నారు. నిజం చెప్పాలంటే అప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నాను. తర్వాత నా మెసేజ్ నేనే మళ్లీ చదువుకుంటే నవ్వొచ్చింది. ఏం చదివానో, ఎక్కడ ఆగిపోయానో ఒక్క ముక్క చెప్పలేదు. ఎక్కడున్నానో చెప్పకుండా ఫోన్‌లో దారి అడిగినట్టుంది. అందుకే ఈసారి ముందు రెండు పాత పేపర్లు రాసి, ఆ తర్వాతే మీకు రాస్తున్నాను.

ఉత్తరం కొంచెం పొడుగైంది. మీకు ప్రాజెక్టు, ల్యాబ్ పని ఉంటాయని తెలుసు. టైమ్ లేకపోతే ఈ మూడు ప్రశ్నలు చూస్తే చాలు, మిగతాదంతా వాటి వెనకున్న కథ.

ఒకటి: కింద రాసిన నా ప్లాన్‌లో మీరైతే ఏది కొట్టేస్తారు?
రెండు: పరీక్ష హాల్లో మీరు ఏ సెక్షన్‌తో మొదలుపెట్టారు? బి సెక్షన్‌కి ఎంత టైమ్ ఇచ్చారు?
మూడు: సెంటర్ బరంపురం పెట్టుకోనా, విశాఖపట్నం పెట్టుకోనా?

ఇక అసలు సంగతి. మొదటి పేపర్ జూలై చివరి ఆదివారం రాశాను. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా, ఫోన్ అమ్మ చేతికిచ్చి. వందకి 25 వచ్చాయి. ఎ సెక్షన్‌లో ఒక మార్కువి ఎనిమిది రాస్తే అయిదు రైటు, మూడు తప్పు. రెండు మార్కులవి పదహారు రాస్తే ఏడు రైటు, తొమ్మిది తప్పు. నెగిటివ్ తీసేస్తే ఆ సెక్షన్ మొత్తానికి మిగిలింది 12. బి సెక్షన్‌లో నెగిటివ్ లేదు కదా అని పదీ పెట్టాను, కరెక్టైనవి రెండే, 4 మార్కులు. సి సెక్షన్‌లో 9.

రెండో పేపర్ నిన్నటి ఆదివారం రాశాను. 33.67 వచ్చింది. ఇంట్లో చెబితే నాన్న “ఎనిమిది మార్కులు పెరిగాయా, పర్లేదు” అన్నారు. రాత్రి కూర్చుని లెక్క తీస్తే ఆ సంతోషం కాస్త తగ్గింది. మొదటి పేపర్‌లో నెగిటివ్ వల్ల 7 మార్కులు పోయాయి. రెండోదాంట్లో ఒక మార్కువి ఒకటి, రెండు మార్కులవి మూడు మాత్రమే తప్పు పోయాయి, అంటే పోయినవి 2.33. పెరిగిన 8.67లో 4.67 ఊరికే గుడ్డిగా పెట్టకపోవడం వల్ల వచ్చినవే. కొత్తగా వచ్చిన సమాధానాల మీద పెరిగింది 4 మార్కులే. నాలుగు వారాల్లో నేను నేర్చుకున్నది ఫిజిక్స్ కన్నా ఎక్కువగా చేతులు కట్టుకుని కూర్చోవడం అన్నమాట!

తప్పుల్లో ఒకటి మీకు చెప్పాలి, మీకే ఎందుకు చెబుతున్నానో కూడా తెలుస్తుంది. సి సెక్షన్‌లో ఉచిత వ్యాకోచం లెక్క. చుట్టూ ఇన్సులేషన్ ఉన్న పెట్టెలో సగం దాకా ఒక మోల్ ఐడియల్ గ్యాస్, మిగతా సగం వాక్యూమ్. మధ్య గోడ తీసేస్తే ఎంట్రోపీ ఎంత మారుతుంది? నేను ధైర్యంగా 0 వేశాను. వేడి లోపలికి రాలేదు, బయటికి పోలేదు, కాబట్టి ఎంట్రోపీ మారదు అనుకున్నాను. నా నోట్సులో కూడా “ఎడియాబాటిక్ అంటే ఎంట్రోపీ స్థిరం” అనే ఉంది. జవాబు 5.76 అని చూశాక కీ తప్పేమో అనుకున్నాను.

మర్నాడు డిపార్ట్‌మెంట్ లైబ్రరీకి వెళ్లి థర్మోడైనమిక్స్ పుస్తకం తీశాను. ఎడియాబాటిక్ గురించి ఉన్న పేజీలో అంచున పెన్సిల్‌తో తెలుగులో “రివర్సిబుల్ అయితేనే!” అని రాసుంది, కింద రెండు గీతలు. వెనక అట్ట లోపల మీ పేరు, బ్యాచ్. ఆ రెండు పదాలతో అంతా విడిపోయింది. గోడ తీసేయడం రివర్సిబుల్ కాదు. ఎంట్రోపీ లెక్కగట్టాలంటే అదే మొదలు, అదే చివర ఉన్న రివర్సిబుల్ దారి ఒకటి మనమే ఊహించుకోవాలి. టెంపరేచర్ మారలేదు కాబట్టి ఐసోథర్మల్ దారి తీసుకుంటే `ΔS = nR ln 2`, మోల్‌కి `8.314 × 0.693`. సెమిస్టర్ పరీక్షలో మాక్స్‌వెల్ రిలేషన్స్ నాలుగూ డిరైవ్ చేసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నవాడిని ఇక్కడ బోల్తా పడ్డాను. నాకున్న జబ్బు ఇదేనని అనుకుంటున్నాను. ఫార్ములా వస్తుంది, అది ఎప్పుడు పనికిరాదో తెలియదు. తప్పులన్నీ ఒక పుస్తకంలో రాస్తున్నాను. రెండు పేపర్లలో కలిపి ఇలాంటివే పదకొండు తేలాయి. లెక్కలో పొరపాట్లు అయిదు. అసలు చదవనివి మిగతావన్నీ, ఎక్కువగా సాలిడ్ స్టేట్, ఎలక్ట్రానిక్స్.

అందుకని ఇలా అనుకున్నాను. సెప్టెంబర్ అంతా మేథమెటికల్ మెథడ్స్, థర్మో. అక్టోబర్‌లో ఎలక్ట్రిసిటీ, మాగ్నెటిజం, తర్వాత ఆప్టిక్స్. నవంబర్‌లో మోడ్రన్ ఫిజిక్స్, సాలిడ్ స్టేట్. డిసెంబర్‌లో సెమిస్టర్ పరీక్షల గొడవ ఉంటుంది కాబట్టి ఎలక్ట్రానిక్స్ ఒక్కటే. జనవరి మొత్తం పేపర్లు. మెకానిక్స్ కాస్త వచ్చు, వారానికి పది లెక్కలు వేస్తూ ఉంటాను. పొద్దున అయిదు నుంచి ఏడు, రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర, ఇవి ఖాయంగా దొరికే గంటలు. సాయంత్రాలు నాన్న టైలరింగ్ షాపులో ఉండాలి, పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి గంటన్నర కూడా పోతుంది. బస్సులో చదవడం నావల్ల కాలేదు, వాంతి వస్తోంది. ప్రయత్నించి వదిలేశాను.

నాకే ఈ ప్లాన్ మీద రెండు అనుమానాలున్నాయి. సాలిడ్ స్టేట్ ఈ సెమిస్టర్‌లో క్లాసులో నడుస్తోంది. క్లాసుతో పాటే జామ్ లెక్కలు వేసుకుంటూ పోతే నవంబర్‌లో దానికి ప్రత్యేకంగా టైమ్ అక్కర్లేదేమో. ఇంకోటి, 2015 నుంచి ఉన్న పేపర్లు ఇప్పటి పద్ధతిలోనే ఉన్నాయి కదా, వాటిలో చివరి అయిదూ ముట్టుకోకుండా జనవరికి దాచాను. దాచడం తెలివా, పిసినారితనమా? మీరైతే ఇప్పుడే రాసేవారా?

రెండో ప్రశ్న బి సెక్షన్ వల్ల వచ్చింది. నాలుగు ఆప్షన్లలో కరెక్టైనవి ఒకటికన్నా ఎక్కువ ఉండొచ్చు, వాటిలో ఒక్కటి వదిలేసినా, ఒక్కటి ఎక్కువ పెట్టినా సున్నా. రెండు పేపర్లలోనూ దానికి దాదాపు గంట ఖర్చు పెట్టాను, వచ్చింది 4, 6. సి సెక్షన్‌లో ఆరు లెక్కలు టైమ్ చాలక వదిలేశాను. వాటిలో రెండు ఇంటికొచ్చాక అయిదు నిమిషాల్లో తేలాయి. కాబట్టి మూడో పేపర్‌కి ముందు సి, తర్వాత ఎ, చివర్లో మిగిలిన టైమ్‌లో బి అని పెట్టుకున్నాను. మా క్లాసులో ఒకడు “వరసగా రాయడమే మంచిది, అటూ ఇటూ తిరిగితే టెన్షన్” అంటాడు. వాడూ నాలాగే ఇంకా పరీక్ష రాయలేదు. మీరు రాశారు కాబట్టి మీ మాట వింటాను.

సెంటర్ సంగతి చిన్నదే. బరంపురంలో పిన్ని ఉంది, ముందురోజు అక్కడ పడుకోవచ్చు. విశాఖలో ఎవరూ లేరు. కానీ మీ బ్యాచ్‌లో కొందరు విశాఖకే వెళ్లారని విన్నాను. దానికి కారణమేదైనా ఉందా, లేక ఊరికే సరదానా? ఇంకో మాట, ఓబీసీ సర్టిఫికెట్ మన దగ్గర రాష్ట్రానికి ఇచ్చే ఎస్‌ఈబీసీ సరిపోదు, కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ కావాలని చదివాను. తహసీల్ ఆఫీసులో అప్లై చేశాను. మీ బ్యాచ్‌లో ఎవరికైనా ఎన్నాళ్లు పట్టిందో తెలిస్తే చెప్పండి, లేదంటే వదిలేయండి.

కోచింగ్ గురించి అడగను. అంత డబ్బు ఇప్పుడు లేదు, ఆ నిర్ణయం అయిపోయింది. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఫోన్‌లో చూస్తున్నాను, సరిపోతున్నాయి. మీ నోట్సు కూడా అడగను. ఇంకొకరి నోట్సు ముందేసుకుంటే నేను కాపీ కొడతానే తప్ప ఆలోచించనని నాకు తెలుసు. జామ్‌తో పాటు సీయూఈటీ పీజీ కూడా కడుతున్నాను, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కోసం. రెండూ రాకపోతే మన రాష్ట్రం సీపీఈటీతో బరంపురంలో చేరతాను. ఇంట్లో ఈ మాట ముందే అయిపోయింది కాబట్టి ఆ భయం నాకు లేదు.

మూడింటికీ తలొక వాక్యం రాసినా నాకు చాలు. టైప్ చేయడం కష్టమైతే వాట్సాప్‌లో వాయిస్ పెట్టండి, తెలుగైనా ఒడియా అయినా ఫర్వాలేదు. తొందరేమీ లేదు. మూడో పేపర్ సెప్టెంబర్ చివరి ఆదివారం రాస్తాను, దానికి ముందు ఎప్పుడు చెప్పినా పనికొస్తుంది. మీకు కుదరకపోతే మీ బ్యాచ్‌లో ఎవరిని అడగాలో పేరు చెప్పినా సరే. మీరు చెప్పింది చేశాక మూడో పేపర్‌లో ఏమైందో, బాగా వచ్చినా రాకపోయినా, సెక్షన్ల వారీగా మీకు రాస్తాను.

ఉంటాను అక్కా.
సంతోష్
కాశీనగర్, ఆగస్టు 25

తా.క. థర్మో పుస్తకం నెలాఖరు దాకా నా దగ్గరే ఉంటుంది. కార్నో ఇంజిన్ పేజీలో మీరు ఏదో పెద్ద లెక్క వేసి సగంలో ఆపేశారు, పక్కన “రేపు” అని ఉంది. కావాలంటే ఫొటో తీసి పంపుతాను.