8% ఎన్‌సీడీలు, డిస్కౌంటుపై జారీ: ఎఫెక్టివ్ వడ్డీ పట్టిక, మొదటి మూడు ఆర్థిక సంవత్సరాల వడ్డీ ఖర్చు (వర్కింగ్ నోట్)

31 మార్చి 2026 ముగింపు ఫైలులో, అప్పుల షెడ్యూల్ వెనక పెట్టాల్సిన నోట్ ఇది. ఇందులోని అంకెలన్నీ రూపాయల్లోనే ఉన్నాయి.

జారీ వివరాలు

కంపెనీ 1 జులై 2023న ₹1,000 ముఖవిలువ గల 1,00,000 నాన్ కన్వర్టిబుల్ డిబెంచర్లను ఒక్కొక్కటి ₹950కి జారీ చేసింది. ముఖవిలువ మొత్తం ₹10,00,00,000, చేతికి వచ్చింది ₹9,50,00,000. కూపన్ 8%, ఏటా జూన్ 30న చెల్లింపు. విమోచన 30 జూన్ 2028న, ముఖవిలువకే. అరేంజర్ ఫీజు, ట్రస్టీ ప్రారంభ ఫీజు, లీగల్ ఖర్చు, స్టాంపు డ్యూటీ కలిపి ₹15,00,000 అయింది. డబ్బు సాధారణ వర్కింగ్ క్యాపిటల్‌కే వెళ్లింది కాబట్టి ఏ ఆస్తిమీదా వడ్డీని క్యాపిటలైజ్ చేయడం లేదు.

ఇండ్ ఏఎస్ 109 ప్రకారం ఈ అప్పును అమార్టైజ్డ్ కాస్ట్‌లో చూపాలి. పుస్తకాల్లో మొదటిరోజు నిలవ 9.50 కోట్లు కాదు, జారీ ఖర్చులు తీసేసిన ₹9,35,00,000. అంటే డిస్కౌంటు 50 లక్షలు, ఖర్చులు 15 లక్షలు, రెండూ కలిసి 65 లక్షలు అయిదేళ్లలో వడ్డీ ఖర్చుగా మారాలి. ఖర్చుల్ని విడదీసి మొదటి ఏడాదే లాభనష్టాల ఖాతాకు వేయడం తరచూ కనిపించే పొరపాటు. అలా వేస్తే రేటు 9.5 కోట్ల మీద లెక్కకొచ్చి సుమారు 9.295% దగ్గర ఆగుతుంది. మొదటి పన్నెండు నెలల వడ్డీ 90.71 లక్షలకు బదులు 88.31 లక్షలు కనిపిస్తుంది, పైగా 15 లక్షలు ఒకేసారి ఖర్చు పడుతుంది.

సెక్యూరిటీస్ ప్రీమియంలోంచి ఈ 65 లక్షలు కొట్టేయవచ్చా అని అడుగుతారు. కుదరదు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 52(3) కిందకు వచ్చే కంపెనీకి ఆ ఖాతా నుంచి కొట్టేసే వీలు ఈక్విటీ షేర్ల జారీ ఖర్చులకే ఉంది, డిబెంచర్ల డిస్కౌంటుకు లేదు.

రేటు కనుక్కోవడం

9.35 కోట్లు ఇవాళ పుచ్చుకుని, అయిదేళ్లపాటు ఏటా 80 లక్షలు, చివర 10 కోట్లు ఇస్తే ఆ లావాదేవీలో దాగి ఉన్న రేటే ఎఫెక్టివ్ రేటు. ఎక్సెల్‌లో:

```
=RATE(5,-8000000,93500000,-100000000)
```

జవాబు 9.70163%. వీటిలో ఒకదాని సంకేతం మాత్రమే తారుమారైతే `#NUM!` వస్తుంది, లేదా అర్థంలేని రేటు వస్తుంది: చేతికొచ్చిన డబ్బు ప్లస్, చెల్లించేవి మైనస్. `XIRR` వాడితే తేదీల్ని 365తో భాగిస్తుంది కాబట్టి ఫిబ్రవరి 29 ఉన్న సంవత్సరాల వల్ల దశాంశాలు కొద్దిగా జరుగుతాయి. ఒప్పందంలో కూపన్ సంవత్సరానికి ఒకేసారి, సమాన మొత్తం కాబట్టి మేం `RATE`నే ఎంచుకున్నాం.

చేత్తో సరిచూసుకున్న విధం: 9.7% వద్ద అయిదేళ్ల యాన్యుటీ గుణకం 3.82001906, అయిదో ఏటి గుణకం 0.62945815. 80 లక్షలను మొదటిదానితో, 10 కోట్లను రెండోదానితో గుణించి కలిపితే ₹9,35,05,967. అది 9.35 కోట్ల కంటే ₹5,967 ఎక్కువ కాబట్టి రేటు 9.7% కంటే కాస్త పైనుండాలి. 10% వద్ద విలువ ₹9,24,18,426. రెండింటి మధ్య సూటిగా సర్దితే 9.70165% వస్తుంది. యంత్రం ఇచ్చిన జవాబుకు ఐదో దశాంశంలోనే తేడా, అదీ సూటిరేఖ సర్దుబాటు వల్లే.

అమార్టైజేషన్ పట్టిక (కూపన్ సంవత్సరాల ప్రకారం, జులై నుంచి జూన్)

| ఏడాది | ప్రారంభ నిలవ | 9.70163% వడ్డీ ఖర్చు | కూపన్ | అమార్టైజేషన్ | ముగింపు నిలవ |
|---|---|---|---|---|---|
| 1 (జూన్ 2024) | 9,35,00,000 | 90,71,024 | 80,00,000 | 10,71,024 | 9,45,71,024 |
| 2 (జూన్ 2025) | 9,45,71,024 | 91,74,931 | 80,00,000 | 11,74,931 | 9,57,45,955 |
| 3 (జూన్ 2026) | 9,57,45,955 | 92,88,918 | 80,00,000 | 12,88,918 | 9,70,34,873 |
| 4 (జూన్ 2027) | 9,70,34,873 | 94,13,964 | 80,00,000 | 14,13,964 | 9,84,48,837 |
| 5 (జూన్ 2028) | 9,84,48,837 | 95,51,163 | 80,00,000 | 15,51,163 | 10,00,00,000 |
| మొత్తం | | 4,65,00,000 | 4,00,00,000 | 65,00,000 | |

అయిదో ఏట రేటు ప్రకారం వచ్చేది ₹95,51,142. రేటును అయిదు దశాంశాల దగ్గర ఆపడం, ప్రతి వరుసను రూపాయికి సవరించడం వల్ల చివర ₹21 తగ్గింది. దాన్ని చివరి ఏడాది వడ్డీలోనే కలిపాం. ఈ తేడా వేలల్లోకి వెళ్తే మాత్రం అది సవరింపు తేడా కాదు, రేటో, నిలవో తప్పింది. పట్టిక సరైందనడానికి పరీక్ష ఒక్కటే: అమార్టైజేషన్ మొత్తం సరిగ్గా 65 లక్షలు కావాలి, చివరి నిలవ ముఖవిలువకు రావాలి.

మూడో నిలువువరుస ఏటేటా పెరుగుతోంది చూడండి. నిలవ పెరుగుతున్నకొద్దీ అదే రేటు మీద వడ్డీ పెరుగుతుంది. డిస్కౌంటు మీద జారీ అయిన అప్పుకు వరుస ఇలా పైకే పోవాలి; కిందికి దిగుతుంటే ఎవరో అమార్టైజేషన్‌ను కలపాల్సిన చోట తీసేశారని అర్థం. అలాగే రేటును ముఖవిలువ మీద వేస్తే ప్రతి ఏడాదీ ₹97,01,630 అనే ఒకే అంకె వస్తుంది. అది ఎక్కడ కనిపించినా ఆ పట్టికను పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి చేయండి. 65 లక్షలను అయిదుతో భాగించి ఏటా 13 లక్షలు వేస్తే వడ్డీ ఏటా 93 లక్షలు. మొత్తం సరిపోతుంది, కానీ మొదటి ఏడాదికే ₹2,28,976 ఎక్కువ ఖర్చు పడుతుంది, ఈ ప్రమాణం దాన్ని ఒప్పుకోదు.

ఆర్థిక సంవత్సరాలకు సర్దుబాటు

మన పుస్తకాలు మార్చి 31కి మూస్తాం, కూపన్ సంవత్సరం జూన్ 30కి ముగుస్తుంది. కాబట్టి ప్రతి కూపన్ సంవత్సరం వడ్డీని 9 నెలలు, 3 నెలలుగా పంచాం.

| ఆర్థిక సంవత్సరం | లెక్క | వడ్డీ ఖర్చు | కూపన్ భాగం | అమార్టైజేషన్ | మార్చి 31న ఎన్‌సీడీ నిలవ |
|---|---|---|---|---|---|
| 2023-24 | 1వ ఏటి 9/12 | 68,03,268 | 60,00,000 | 8,03,268 | 9,43,03,268 |
| 2024-25 | 22,67,756 + 68,81,198 | 91,48,954 | 80,00,000 | 11,48,954 | 9,54,52,222 |
| 2025-26 | 22,93,733 + 69,66,689 | 92,60,422 | 80,00,000 | 12,60,422 | 9,67,12,644 |

నిలవలో కూపన్ బకాయి కలపలేదు. మార్చి 31న ఎప్పుడూ తొమ్మిది నెలల కూపన్, అంటే ₹60,00,000, విడిగా 'చెల్లించాల్సిన వడ్డీ'గా ఉంటుంది.

నెలల లెక్కన సమంగా పంచడం ఒక పద్ధతి. చక్రవడ్డీ లెక్కతో 9 నెలలకు (1.0970163 యొక్క 0.75 ఘాతం) తీస్తే 2023-24 వడ్డీ సుమారు ₹67.24 లక్షలు, అంటే దాదాపు 79 వేలు తక్కువ. అది తర్వాతి మూడు నెలల్లో తిరిగి కలుస్తుంది, కూపన్ సంవత్సరం మొత్తం మారదు. మా పద్ధతిని ఆడిటర్లకు జారీ సంవత్సరంలోనే చూపించాం. అయిదేళ్లూ అదే కొనసాగించాలి, మధ్యలో మారిస్తే తేడా ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరికీ దొరకదు.

జర్నల్ ఎంట్రీలు

1 జులై 2023న: బ్యాంక్ ఖాతా డెబిట్ 9,50,00,000, 8% ఎన్‌సీడీ ఖాతాకు క్రెడిట్ 9,50,00,000. జారీ ఖర్చుల కోసం 8% ఎన్‌సీడీ ఖాతా డెబిట్ 15,00,000, బ్యాంక్ క్రెడిట్ 15,00,000. పుస్తకాల్లో 'డిస్కౌంట్ ఆన్ డిబెంచర్స్' అనే ఆస్తి ఖాతా తెరవొద్దు. పాత పద్ధతి అలవాటున్నవారు అది తెరిచి బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తివైపు వదిలేస్తారు, అప్పు 10 కోట్లుగా కనబడుతుంది.

31 మార్చి 2024న: వడ్డీ ఖర్చు డెబిట్ 68,03,268, చెల్లించాల్సిన వడ్డీ క్రెడిట్ 60,00,000, 8% ఎన్‌సీడీ క్రెడిట్ 8,03,268.

30 జూన్ 2024న ముందుగా మూడు నెలల ఎంట్రీ: వడ్డీ ఖర్చు డెబిట్ 22,67,756, చెల్లించాల్సిన వడ్డీ క్రెడిట్ 20,00,000, 8% ఎన్‌సీడీ క్రెడిట్ 2,67,756. తర్వాత చెల్లింపు: చెల్లించాల్సిన వడ్డీ డెబిట్ 80,00,000, టీడీఎస్ చెల్లించాల్సింది, బ్యాంక్ రెండింటికీ కలిపి క్రెడిట్ 80,00,000. టీడీఎస్ మినహాయించాక బ్యాంకు నుంచి తక్కువ పోతుంది, అంతమాత్రాన వడ్డీ ఖర్చు తగ్గదు. స్టేట్‌మెంట్‌లో కనబడిన నికర మొత్తాన్నే ఖర్చుగా వేసిన ఎంట్రీలు ఈ దశలోనే పట్టుబడతాయి.

పన్ను వైపు

పన్ను లెక్క మన పట్టికను అనుసరించదు. డిబెంచర్ల డిస్కౌంటును అప్పు కాలమంతటికీ పంచి కోరవచ్చని సుప్రీం కోర్టు 1997లో మద్రాస్ ఇండస్ట్రియల్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. అప్పు తెచ్చుకునే ఖర్చును రెవెన్యూ ఖర్చుగా 1966లో ఇండియా సిమెంట్స్ కేసులో ఒప్పుకుంది. ఆ ఆధారాలపై 50 లక్షలను 60 నెలలకు సమంగా పంచాం. 15 లక్షలు 2023-24లోనే కోరాం.

పుస్తకాల్లో ఇంకా ఖర్చు కాని మొత్తం 31 మార్చి 2024న ₹56,96,732, పన్ను లెక్కలో మిగిలింది ₹42,50,000. తేడా ₹14,46,732 మీద 25.168% చొప్పున డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ ₹3,64,114. ఈ నిలవ 31 మార్చి 2025న ₹3,26,625, 31 మార్చి 2026న ₹2,61,082. ఏటా నిలవను కొత్తగా లెక్కించి తేడాను మాత్రమే పోస్ట్ చేయండి. 2025-26లో తిరగరాయాల్సింది ₹65,543: డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ డెబిట్, డిఫర్డ్ టాక్స్ ఖర్చు క్రెడిట్.