పోయిన పార్సిల్‌కు నష్టపరిహారం కోరుతూ కొరియర్ సంస్థకు లేఖ

మంగళగిరి,
10 నవంబర్ 2025.

క్లెయిమ్స్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: డాకెట్ నంబర్ 4471082916, డిక్లేర్డ్ వాల్యూ రూ. 28,350, పార్సిల్ పోయినందుకు పరిహారం గురించి.

అయ్యా,

నేను మంగళగిరిలో చేనేత చీరలు అమ్ముకునే చిన్న వ్యాపారిని. అక్టోబర్ 6న మీ మంగళగిరి బ్రాంచ్‌లో బెంగళూరు మల్లేశ్వరంలోని ఒక చీరల షాపుకి పార్సిల్ బుక్ చేశాను. అందులో 12 నిజాం అంచు పట్టు చీరలు ఉన్నాయి. ఒక్కోటి రూ. 2,250 చొప్పున రూ. 27,000, జీఎస్టీ 5 శాతంతో రూ. 28,350. బిల్లు కాపీ మీ కౌంటర్‌లోనే ఇచ్చాను. కాటా మీద బరువు 7.4 కిలోలు వచ్చింది, రసీదులో రాసి ఉంది.

అక్టోబర్ 9న పార్సిల్ బెంగళూరు హబ్‌కి చేరినట్టు ట్రాకింగ్‌లో చూపించింది. 10వ తేదీ ఉదయం డెలివరీకి బయల్దేరిందన్నారు, సాయంత్రానికి 'అడ్రస్ దొరకలేదు' అని పెట్టారు. ఆ షాపు మెయిన్ రోడ్డు మీదే ఉంది, ఫోన్ నంబర్ పార్సిల్ మీదే ఉంది. వాళ్లకు గానీ నాకు గానీ ఒక్క కాల్ రాలేదు. ఆ తర్వాత ఒక్క స్కాన్ కూడా లేదు. అక్టోబర్ 14న ఫిర్యాదు చేస్తే, 31న పార్సిల్ ఆచూకీ దొరకలేదనీ, రసీదు వెనక ఉన్న షరతుల ప్రకారం రూ. 2,000 ఇస్తామనీ మెయిల్ పంపారు.

దీనికి నేను ఒప్పుకోను. విలువ చెప్పకుండా పంపిన పార్సిల్‌కి ఆ షరతు పెట్టుకోండి. నేను విలువ ప్రకటించాను, దానిమీద 2 శాతం రిస్క్ ఛార్జీ కింద రూ. 567 మీరు తీసుకున్నారు. రవాణా ఛార్జీ రూ. 540, జీఎస్టీ రూ. 199 కలిపి మొత్తం రూ. 1,306 కట్టాను. పార్సిల్ పోతే సరుకు విలువ ఇవ్వనప్పుడు ఆ రూ. 567 దేనికి తీసుకున్నట్టు?

దీపావళి స్టాక్ కోసం అడిగిన చీరలు అందకపోవడంతో షాపు వాళ్లు ఆర్డర్ రద్దు చేశారు, వాళ్ల డబ్బు తిరిగి ఇచ్చేశాను. నేతగాళ్లకు మాత్రం కూలీ ముందే ఇచ్చాను. పోయిన బేరం లెక్క ఇందులో వేయలేదు. సరుకు విలువ రూ. 28,350, నేను కట్టిన ఛార్జీలు రూ. 1,306, మొత్తం రూ. 29,656 మాత్రమే అడుగుతున్నాను.

ఈ డబ్బు ఈ నెల 25లోగా నా ఖాతాలో జమ చేయగలరు. అక్టోబర్ 10న ఆ పార్సిల్ ఎవరి చేతికి ఇచ్చారో చూపే డెలివరీ షీట్ కాపీ కూడా పంపండి. క్యారేజ్ బై రోడ్ యాక్ట్, 2007 సెక్షన్ 16 కింద, బుకింగ్ నుంచి 180 రోజుల్లోపు ఇవ్వాల్సిన నోటీసుగా ఈ లేఖను తీసుకోండి. గడువులోగా డబ్బు రాకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

బుకింగ్ రసీదు, బిల్లు, ట్రాకింగ్ ప్రింట్, మీ మెయిల్, షాపు వాళ్లకు డబ్బు తిరిగి పంపిన రుజువు, క్యాన్సిల్ చేసిన చెక్కు జత చేశాను.

ఇట్లు,
పద్మావతి,
చేనేత చీరల వ్యాపారి, మంగళగిరి.