నానమ్మకు ఉత్తరం

మెల్‌బోర్న్,
నవంబర్ 9, 2025

నానమ్మా,

బాబాయి నీ పెన్షన్ స్లిప్ ఫోటో తీసి పంపాడు. ఈసారి డబ్బు ఎక్కువ పడిందని, బ్యాంకువాళ్ళు మళ్ళీ వెనక్కి తీసుకుంటారేమోనని టెన్షన్ పడుతున్నావట. అది నీ డబ్బే, ఎవరూ తీసుకోరు.

మొదటి గీతలో 12,000 ఉంది చూడు, అది తాతయ్య రైల్వే ఉద్యోగం మీద నీకొచ్చే అసలు ఫ్యామిలీ పెన్షన్. కింద 2,400 నీకు ఎనభై నిండినందుకు. అసలులో ఇరవై శాతం అన్నమాట. తర్వాతది డీఆర్. ధరలు పెరుగుతాయి కాబట్టి ఇచ్చేది. ఈ రెండూ కలిపిన 14,400 మీద లెక్క కడతారు. మొన్నటిదాకా 55 శాతం, ఇప్పుడు 58. అంటే 8,352.

ఆ పెంపు జూలై నుంచే అమలు, కానీ ప్రకటించింది అక్టోబర్‌లో. అందుకే జూలై, ఆగస్టు, సెప్టెంబర్ బకాయి నెలకు 432 చొప్పున 1,296 ఒకేసారి వేశారు. నువ్వు కంగారుపడింది దీనికే. మందుల ఖర్చుకిచ్చే వెయ్యితో కలిపి మొత్తం 25,048. వచ్చే నెల బకాయి ఉండదు, 23,752 పడుతుంది. తగ్గించారని మళ్ళీ బాబాయిని బ్యాంకుకు తరమకు!

ఈ నెలాఖరులోపు లైఫ్ సర్టిఫికెట్ మాత్రం ఇవ్వాలి. ఫోన్‌లో ముఖం చూపించినా చాలు, బాబాయి చేస్తాడు. ఓటీపీ ఎవరడిగినా చెప్పకు, బ్యాంకు నుంచి అన్నా సరే.

ఆదివారం ఫోన్ చేస్తాను.

నీ మనవడు
కిరణ్